కొవ్వొత్తికి మొదటి వాక్యం

ఏలూరులో మాకొక చిన్న డీటీపీ సెంటరు ఉంది. మా ఆయన మెషిన్లు చూసుకుంటారు, నేను మాటలు చూసుకుంటాను. పెళ్లి శుభలేఖ, గృహప్రవేశం కార్డు, ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ, పెద్దకర్మ కార్డు, ఏదైనా సరే మాటలు నావే. జ్యేష్ఠ పుత్రిక అని ఎక్కడ వాడాలో, కనిష్ఠ పుత్రిక అని ఎక్కడ వాడాలో, మేనమామల పేర్లు ఏ వరసలో వేస్తే గొడవ రాదో నాకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ నమ్మకం నా ఒక్కదానిదే అయినా చాలా గట్టిది.

అందుకే మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, నా కొవ్వొత్తులకి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి నాలుగు మంచి మాటలు రాసిపెట్టవా?" అని అడిగినప్పుడు నేను నవ్వాను. నాలుగు మాటలా? నలభై రాస్తానన్నాను. అసలు తిప్పలన్నీ ఆ నలభై దగ్గరే మొదలయ్యాయి.

చెల్లెలు ఉండేది తాడేపల్లిగూడెంలో. అక్కడి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. ఎండాకాలం సెలవులకి ముందు మానేసి, ఇంట్లో సువాసనల కొవ్వొత్తులు చేయడం మొదలుపెట్టింది. మా మరిది మందుల కంపెనీ పని మీద ఊళ్లు తిరుగుతుంటాడు, వారంలో సగం రోజులు ఇంట ఉండడు. "ఏదో కాలక్షేపానికి చేసుకుంటోంది" అని మా వాళ్లందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆమె మాత్రం అలా అనుకోలేదు.

స్కూలు కరస్పాండెంటు గారు మర్యాదస్తుడు. ఆమె స్థానంలో వచ్చినాయన మధ్యలో వెళ్లిపోవడంతో, "దసరా సెలవులయ్యాక మీరు వస్తానంటే ఆ క్లాసులు మీకే ఉంచుతానమ్మా" అని కబురు చేశాడు. చెల్లెలు గడువు అడిగింది. సెలవులు అయ్యేలోగా దీపావళికి చెప్పుకోదగ్గ ఆర్డర్లు వస్తే కొవ్వొత్తులు, రాకపోతే చాక్‌పీసు. తనకు తాను పెట్టుకున్న లెక్క అది. లెక్కల టీచరు కదా, పెట్టుకున్న లెక్క తప్పదు.

"నాకు పిల్లలంటే విసుగు కాదక్కా," అంది ఓసారి. "ఏడాదంతా పక్కవాళ్లు వేసిన టైం టేబులు ప్రకారం ఊపిరి పీల్చాను. ఇది ఒక్కటీ నేను వేసుకున్నది. ఇది పోతే మళ్లీ మొదలుపెట్టడానికి నాకు ధైర్యం రాదు." 

కొవ్వొత్తుల సంగతి నాకేమీ తెలియదు గానీ చూసినంతవరకు చెబుతాను. సోయా మైనం పలుకులు పలుకులుగా వస్తుంది. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి చెల్లెలు దాన్ని కరిగిస్తుంది. థర్మామీటరు పెట్టి చూసి, వేడి సరిగ్గా ఉన్నప్పుడు సువాసన నూనె తూచి పోసి, తొందరపడకుండా కలుపుతుంది. గాజు గ్లాసు మధ్యలో వత్తి నిలబెట్టి పోస్తుంది. చల్లారింది కదా అని ఇచ్చేయదు. మూతలు పెట్టి వారం పది రోజులు అలమరలో ఉంచుతుంది, మైనానికి వాసన పట్టాలట. ఆవకాయ ఊరినట్టు అన్నమాట. ఆ తర్వాత ప్రతి విడతలోనూ ఒకటి తీసి వెలిగించి చూస్తుంది. మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం గ్లాసు అంచుల దాకా పాకాలి, మధ్యలో గొయ్యి పడకూడదు. ఇంత శ్రద్ధ నేను మా ఆయన మీద కూడా చూపించలేదు.

సరే, నా రాత సంగతికి వస్తాను. మొదటి పోస్టుకి చెల్లెలు అందమైన ఫొటో తీసింది. నల్లటి వెనక తెర, ముందు వెలుగుతున్న ఒక్క కొవ్వొత్తి. దాని కింద నేను రాసిన మాటలు ఇవి: "సహృదయులైన మీ అందరికీ మా హృదయపూర్వక నమస్సుమాంజలులు. మీరు, మీ కుటుంబ సభ్యులందరూ ఆయురారోగ్యాలతో క్షేమంగా ఉన్నారని తలుస్తూ..." ఆ తర్వాత అయిదో వరుసలో కొవ్వొత్తి ప్రస్తావన, తొమ్మిదో వరుసలో వాసన ప్రస్తావన. శుభలేఖలో అంతే కదా. దేవుడికి, పెద్దలకి దణ్ణాలు పెట్టుకుని నింపాదిగా ముహూర్తానికి వస్తాం. మా వైపు మనుషులు అప్పు అడగడానికి వచ్చినా ముందు వర్షాల గురించి మాట్లాడతారు.

మధ్యాహ్నానికి అత్తిలిలో ఉన్న మా దూరపు బావ కింద కామెంటు పెట్టాడు: "ఓం శాంతి."

తర్వాత ఇంకొకరు, "ఎప్పుడు జరిగిందండీ? మొన్న కూడా బాగానే ఉన్నారు కదండీ" అని. ఎవరు బాగానే ఉన్నారో భగవంతుడికే తెలియాలి. మా అమ్మ ఉండేది ముదినేపల్లి అవతల కొల్లేటి వైపు పల్లెలో. ఆవిడకి ఎవరో ఫోన్ చేసి పరామర్శించారట. ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసి, "నేను బతికే ఉన్నానని ఆ ఫోన్లో రాయవే" అంది.

చెల్లెలు పడీ పడీ నవ్వింది గానీ నాకు ఒళ్లు మండిపోయింది. చదవకుండా కామెంట్లు పెట్టేవాళ్లని తిట్టాను. ఆ వారం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె తన ఫోన్లో ఆ పోస్టు ఎలా కనబడుతుందో తెరిచి చూపించింది. ఫొటో, దాని కింద ఒకటిన్నర వరుస, అక్కడితో తెగిపోయి "మోర్" అనే చిన్న మాట. అది నొక్కితేనే మిగతాది వస్తుంది.

"జనం ఇంతే చూస్తారక్కా. అదీ వేలితో తోసుకుంటూ పోతూ. ఈ వరుసన్నర దగ్గర వేలు ఆగితేనే మిగతాది చదువుతారు. నువ్వు ఈ వరుసన్నరా నమస్కారాలకే ఖర్చు పెట్టేశావు."

"నమస్కారం లేకుండా ఎలా మొదలుపెడతామే? జనం ఏమనుకుంటారు?"

"శుభలేఖ ఇంటికి తెచ్చి చేతిలో పెడతారు, అందుకని చదువుతారు. ఇది ఎవరూ చేతిలో పెట్టరు. ముందు ఆపాలి, ఆ తర్వాతే నమస్కారం."

ఆపాలన్నది కదా అని రెండో పోస్టుకి "ఆగండి!" అని మొదలుపెట్టాను. రైల్వే గేటు దగ్గర బోర్డులా ఉందని తీసేసింది. మూడోదానికి "మీకు తెలుసా?" అన్నాను. తెలియదనుకుని జనం వెళ్లిపోయారు. నాలుగోదానికి మళ్లీ నా పాత పద్ధతిలో వెన్నెల, మల్లెపూలు, మధురస్మృతులు కలిపి రాశాను. దాన్ని నేను, మా ఆయన, ఎర్ర గులాబీ బొమ్మ పెట్టుకున్న ఒక అకౌంటు మాత్రమే ఇష్టపడ్డాం. ఆ గులాబీ ఎవరో గానీ చెల్లెలు ఏం పెట్టినా మొట్టమొదట లైక్ కొట్టేది. పేరు లేదు, ఫొటో లేదు.

అసలు జనం ఎక్కడ ఆగుతారో చూద్దామని చెల్లెలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన ఫోన్ తోసుకుంటూ పోయింది. నేను దేని దగ్గర "ఆగు ఆగు" అంటున్నానో గమనించింది. ఒకావిడ తన తోటికోడలి గురించి ఏదో మొదలుపెట్టింది, ఆగాను. ఒకాయన పెళ్లిభోజనంలో పప్పు అయిపోయిందని రాశాడు, ఆగాను. గొప్ప గొప్ప సూక్తులు వస్తే మాత్రం నేనే తొయ్యమన్నాను.

"చూశావా?" అంది. "బస్సులో ముందు సీటువాళ్లు ఏదో చెప్పుకుంటుంటే మనం చెవులు అటు వేస్తామే, అలాంటిది కావాలి. మనకి చెబుతున్నట్టు ఉండకూడదు, మనం విన్నట్టుండాలి."

నాకు అర్థమైంది గానీ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నదాన్ని, వాళ్లింటి సోఫాలో కూర్చుని ఎలా ఒప్పుకుంటాను?

ఆ తర్వాతి ఆదివారం, దసరాకి ఇంకా రోజులున్నాయి, అమ్మ కొల్లేటి కొరమీను పంపింది. బస్సులో కండక్టరుకి అప్పజెప్పి పంపితే ఏలూరు బస్టాండులో తీసుకుని, నేనే పులుసు పెట్టి, క్యారేజీలో సర్దుకుని రైలెక్కాను. చెల్లెలికి కొరమీను పులుసంటే ప్రాణం. కానీ వాళ్ల అద్దె ఇంట్లో వండుకోవడానికి లేదు.

ఆ ఇంటిగలావిడ గురించి చెప్పాలి. కింద ఆవిడ కుటుంబం, పైన చెల్లెలు. తరాలుగా కిరాణా హోల్‌సేల్ వ్యాపారం వాళ్లది. నెయ్యి డబ్బా మూత తీయకుండానే మంచిదో కల్తీదో చెప్పేస్తుందని ఆవిడ ముక్కుకి బజార్లో పేరుంది. ఇంగువ కొనడానికి కొడుకులు ఇప్పటికీ సరుకు ఇంటికి పంపి ఆవిడకి చూపించి గానీ తీసుకోరు. పూర్తి శాకాహారులు. ఇల్లు ఇచ్చేటప్పుడు మా మరిదితో ఎంతో మెత్తగా, "మీరేం తింటారన్నది మీ ఇష్టమండీ. వాసన మాత్రం మా మెట్లు దిగకూడదండీ" అంది. పైగా, మైనం కరిగించుకోవడానికి వెనక వరండా వాడుకోమని ఇచ్చింది కూడా ఆవిడే. ఇంకో ఇంటి ఓనరైతే మైనం, మంట అనగానే తలుపు వేసేసేవారు. కాబట్టి ఆ ఇల్లు పోతే ఇల్లొక్కటే కాదు, కొవ్వొత్తులూ పోతాయి.

"వండకూడదన్నారు గానీ వేడి చెయ్యకూడదనలేదు కదే," అని నేను పులుసు గిన్నె స్టవ్ మీద పెట్టాను. చెల్లెలు భయపడుతూనే కిటికీలు తీసింది. పక్క గదిలో ఆ విడత నిమ్మగడ్డి కొవ్వొత్తి అప్పటికే పరీక్షకి వెలుగుతోంది. పులుసు గోరువెచ్చనైందో లేదో, మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఇంటిగలావిడ డాబా మీద ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి వచ్చింది.

చూసి కిందికి పోవచ్చు కదా. పోలేదు. "మీ అక్కగారు వచ్చినట్టున్నారే" అంటూ లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

చెల్లెలు వంటింటి తలుపు దగ్గరగా వేసి దానికి ఆనుకుని నిలబడింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియని మొహంతో ఎదురుగా కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాం ఇద్దరమూ. ఆవిడ మాత్రం నింపాదిగా పెంటపాడులో తమ్ముడి చేలో నీళ్లు నిలిచిన సంగతి, మనవరాలి ఓణీల ఫంక్షను సంగతి, కార్డులకి ఏ రంగు బాగుంటుందన్న సంగతి మాట్లాడుతూనే ఉంది. ఎప్పుడు లేస్తుందా అని నేను గడియారం వంక చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాను.

చివరికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, గట్టిగా ఒకసారి గాలి పీల్చి, "ఏం వాసనమ్మా ఇది?" అంది.

చెల్లెలు చిన్నగా, "నిమ్మగడ్డి అండీ పిన్నిగారూ, కొత్త విడత" అంది.

"బాగుందమ్మా" అని ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది.

తలుపు వేశాక మేమిద్దరం నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాక చెల్లెలు ఉన్నట్టుండి ఆగిపోయి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇదే. మొదటి వాక్యం ఇదే."

పులుసన్నం ముందు పెట్టుకుని రాయడానికి కూర్చున్నాం. నేను చెప్పిన మొదటి రూపం: "నిన్న మా ఇంట ఒక విచిత్రమైన సంఘటన జరిగింది." ఆమె తల అడ్డంగా ఊపింది. "విచిత్రం జరిగిందని చెప్పకు, జరిగింది చెప్పు." సరేనని, "స్టవ్ మీద కొరమీను పులుసు ఉండగా మా ఇంటి ఓనరు గారు వచ్చారు" అన్నాను. "పులుసు ముందొస్తే వంటల పోస్టు అనుకుని తోసేస్తారు. ఓనరు ముందు రావాలి, పులుసు చివర్న రావాలి" అంది. నేను "గౌరవనీయులైన మా ఇంటి ఓనరు గారు" అందామన్నాను. ఆ మాటకి ఎంత చోటు పడుతుందో వేళ్లతో కొలిచి చూపించింది. ఓనరు గారు శాకాహారులని చెప్పాలి కదా అంటే, "అద్దెకి ఉన్నవాళ్లెవరికైనా చెప్పకుండానే తెలుస్తుంది" అంది. ఆఖరికి తేలింది ఇది:

"మా ఓనరు గారు వచ్చి చాలాసేపు కూర్చున్నారు. తలుపు అవతల స్టవ్ మీద కొరమీను పులుసు ఉంది."

దాని కింద ఖాళీ వరుస. అక్కడ "మోర్". నొక్కినవాళ్లకి మిగతా కథ, చివర్న నిమ్మగడ్డి కొవ్వొత్తి, ఆర్డరు ఎలా ఇవ్వాలో. ఈసారి నల్ల తెర లేదు, ఓంశాంతుల భయంతో పట్టపగలు వంటింటి కిటికీ పక్కన పెట్టి ఫొటో తీసింది. నేను రాసినవాటన్నిటిలోకీ ఒక్క విశేషణమూ లేని వాక్యం అదే. చిత్రమేమిటంటే, అది చదువుతుంటే నాకే మిగతాది చదవాలనిపించింది.

పెట్టే ముందు చెల్లెలు వెనకాడింది. "పిన్నిగారికి తెలిస్తేనో?"

"ఆవిడ ఇన్‌స్టాగ్రామ్ చూస్తారా ఏమిటే? ఇంగువ చూసుకోవడానికే తీరదు" అన్నాను ధీమాగా. ఆమె పెట్టేసింది.

రెండు మూడు రోజుల్లోనే చెల్లెలి ఫోన్ మోగడం ఆగలేదు. అద్దెకున్న ఆంధ్రదేశమంతా అక్కడికొచ్చి మొర పెట్టుకుంది. ఒకావిడ ఎండుచేపలు కొబ్బరిపీచులో చుట్టి తెచ్చుకున్న వైనం, ఒకాయన గుడ్డు పెంకులు ఆఫీసులో పారేసే వైనం. ఆ పోస్టుని ఒకరికొకరు పంపుకున్నారు. ఆర్డర్లు కూడా వచ్చాయి. అలమరలో ఊరుతున్న నిమ్మగడ్డివన్నీ అయిపోయే పరిస్థితి. నేను ఏలూరులో వచ్చిపోయే వాళ్లందరికీ చూపించి, "మాటలు నావేనండీ" అని చెప్పుకున్నాను. సగం నావే కదా.

చెల్లెలు మాత్రం పూర్తిగా సంతోషపడలేదు. "చాలామంది అడుగుతున్నారక్కా, నిజంగా చేపల వాసన పోతుందా అని. ఏం చెప్పను?"

"పోతుందని చెప్పు. పోయింది కదా మనకి."

"ఒక్కసారి జరిగింది రుజువు కాదు," అంది లెక్కల టీచరు.

తర్వాతి ఆదివారం పెట్టెలు సర్దడంలో సాయానికి మళ్లీ తాడేపల్లిగూడెం వెళ్లాను. ఇద్దరం నేల మీద కూర్చుని గ్లాసులకి కాగితం చుడుతుంటే ఫోన్ మోగింది. అదే పోస్టుకి కొత్త కామెంటు. పెట్టింది ఎర్ర గులాబీ. ఇన్నాళ్లూ లైకులు తప్ప మాట పలకని గులాబీ మొదటిసారి నోరు విప్పింది: "పైకి వస్తున్నానమ్మా."

"ఎవరికో పెట్టబోయి మనకి పెట్టినట్టున్నారు" అన్నాను.

చెల్లెలు మెట్ల వైపు చూస్తోంది. చెప్పుల చప్పుడు వినబడింది.

ఇంటిగలావిడ చేతిలో ఫోన్‌తో గుమ్మంలో నిలబడింది. "నేనేనమ్మా గులాబీని. ముగ్గులు చూసుకోడానికి మా మనవరాలు పెట్టిచ్చింది" అని అదే కుర్చీ లాక్కుని కూర్చుంది. మేం నేల మీదే ఉండిపోయాం. చెల్లెలు చేతిలో ఉన్న గ్లాసు పక్కన పెట్టేసింది. ఇల్లు పోయింది, వరండా పోయింది, సెలవులయ్యాక ఇక చాక్‌పీసే అని ఆమె మొహం మీద నాకు స్పష్టంగా కనబడింది. నాకు నిజంగా భయమేసింది. నా ధీమాకి శిక్ష దానికి పడుతుందని.

"ఎంతమంది చదివారమ్మా ఇది?" అంది ఆవిడ.

చెల్లెలు చెప్పింది.

"అంతమందికీ ఈ ముసల్దానికి ముక్కు పని చెయ్యదని తెలిసిందన్నమాట." ఆవిడ గొంతులో కోపం ఇప్పుడు వినబడింది. "నలభై ఏళ్లుగా ఈ ముక్కు మీద మా కొట్టు నడుస్తోందమ్మా. రేపు బజార్లో మా వాడిని ఏమంటారు? మీ అమ్మగారి ముక్కుకి చేపల పులుసే తెలియలేదు, నెయ్యేం తెలుస్తుందండీ అనరూ?"

మేమిద్దరం తెల్లబోయాం. చేపలు తెచ్చినందుకు ఒక్క మాట అనలేదు. ఆవిడ బాధ ముక్కు గురించి.

"తప్పైపోయిందండీ పిన్నిగారూ," అంది చెల్లెలు. "ఇప్పుడే తీసేస్తాను."

"తీసేస్తే చదివినవాళ్లు మర్చిపోతారా? అసలు నాకు తెలియలేదని మీకెవరు చెప్పారు?" అని నా వైపు తిరిగింది. "పులుసు పెట్టింది నువ్వేనా అమ్మా?"

"అవునండీ."

"మెంతులు మాడాయి. నేను చేప ఎరుగను గానీ మెంతులు ఎరుగుదును. కింద మెట్టు మీద ఉండగానే తెలిసింది."

నిజంగానే మాడాయి. మా ఆయన పక్కన ఏదో అడుగుతుంటే ఆదమరిచాను. ఎవరూ కనిపెట్టలేదులే అనుకున్నాను. చేపలు తిని ఎరుగని మనిషి పట్టుకుంది. సిగ్గుతో నా తల వంగిపోయింది.

చెల్లెలు మెల్లగా అడిగింది, "మరి తెలిసీ అంతసేపు ఎందుకు కూర్చున్నారండీ?"

ఆవిడ పెదాలు కదిలాయి. నవ్వు ఆపుకుంటోందని అప్పుడు గ్రహించాను. "మీ మొహాలు చూద్దామని. నువ్వా తలుపుకి బల్లిలా అతుక్కుపోయావు. మీ అక్క గడియారం చూడకుండా మెడ పట్టేసినట్టు కూర్చుంది. అంత సరదాగా నాకు ఈ మధ్యకాలంలో పొద్దుపోలేదమ్మా. పెంటపాడు చేలో నీళ్లు కూడా లేవు, ఊరికే చెప్పాను."

ముందు చెల్లెలు నవ్వింది. తర్వాత నేను. ఆవిడ మాత్రం బింకం వదలకుండా, "నవ్వింది చాలు, రాయండి. నా ముక్కు బాగానే ఉందని అంతమందికీ తెలియాలి" అంది.

నేను వెంటనే అందుకున్నాను. "మా గత ప్రకటనకు సవరణగా..."

"అదెవరు చదువుతారమ్మా?" అంది ఆవిడ. "నేను చెబుతాను, రాయి." అని ఆలోచించకుండా చెప్పింది: "నేనే ఆ ఓనర్ని. నాకు ఆ రోజే తెలుసు. వాళ్ల మొహాలు చూడ్డానికే కూర్చున్నాను."

చెల్లెలు ఫోన్లో అక్షరం మార్చకుండా కొట్టింది. వరుసన్నరలో సరిపోయింది. నేను కలపడానికి గానీ తీసేయడానికి గానీ ఏమీ మిగల్లేదు.

మిగతాది చెల్లెలు తనే రాసింది. కొవ్వొత్తి చేపల వాసనని పోగొట్టదని, వంటయ్యాక ముందు కిటికీలు తెరవాలని, తర్వాత వెలిగిస్తే గదిలో నిమ్మగడ్డి పరిమళం నిలుస్తుందని, అంతేనని రాసింది. దానికి పిన్నిగారు, "వాసనని చంపదు, దాని పక్కన కూర్చుంటుంది. నేను కూర్చోలేదూ, అలాగ" అన్నారు. అదీ చేర్చింది. చేపల వాసన పోతుందని కొన్నవాళ్లెవరైనా వద్దనుకుంటే చెప్పమని, డబ్బు తిరిగిస్తానని కూడా రాస్తుంటే నేను ఆపబోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కానీ ఆమె నా వైపు చూడలేదు.

కొందరు వద్దన్నారు. నాకు ఒక్కొక్కటీ ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆ రెండో వాక్యం మొదటిదాన్ని మించి తిరిగింది. "ఓనరు గారికి మా నమస్కారాలు చెప్పండి" అని రాసినవాళ్లే చాలామంది, వాళ్లలో కొందరు నిజంగానే కొవ్వొత్తులు కొన్నారు. మల్లె, కాఫీ కూడా అడిగారు. పిన్నిగారు వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "నాకు తెలిసిందన్నానని మళ్లీ వేడి చేసేరు. వాసన మెట్లు దిగకూడదన్న మాట అలాగే ఉంది" అన్నారు.

సెలవులు అయిపోతున్నాయి. స్కూలు తెరిచే ముందు రోజు ఫోన్లో అడిగాను, ఏం చేస్తావని. వచ్చిన ఆర్డర్లు చెప్పుకోదగ్గవే గానీ జీతంలా నెల నెలా వస్తాయని ఎవరు చెప్పగలరు? పెద్దదాన్ని కదా, పెద్దరికం చూపించాను. స్కూల్లో చేరు, సాయంత్రాలు కొవ్వొత్తులు చేసుకో, రెండూ ఉంటాయి అన్నాను. "చూస్తానక్కా" అంది. ఆ "చూస్తాను" విని సరేననుకున్నాను. మా ఇళ్లలో చూస్తాను అంటే ఒప్పుకున్నట్టే.

సోమవారం పొద్దున్న మా సెంటరులో ఒక పెళ్లికొడుకు తండ్రి ఎదురుగా కూర్చుని ఉన్నారు. శుభలేఖ ప్రూఫు కోసం వచ్చారు. మెషిన్ మీద కాగితం వస్తోంది కదా అని నేను ఫోన్ తీసి అలవాటుగా వేలితో తోసుకుంటూ పోతున్నాను. ఎవరివో చీరలు, ఎవరివో పుట్టినరోజులు. వేలు ఆగిపోయింది. చెల్లెలు పెట్టిన పోస్టు, వరండాలో ఖాళీ గ్లాసులు వరుసగా పేర్చిన ఫొటో. కింద:

"ఇవాళ పొద్దున్న నేను బడికి వెళ్లాలి. వెళ్లలేదు."

నాకు చెప్పలేదు. నన్ను అడగలేదు. నా చేత ఒక్క ముక్క రాయించుకోలేదు. అభిమానం దెబ్బతింది, అబద్ధం ఎందుకాడాలి. ఆ వెంటనే, అంతకంటే ఎక్కువగా గర్వమూ కలిగింది. "మోర్" నొక్కుదామంటే కళ్లలో నీళ్లకి అది కనబడటం లేదు.

"ఏవండీ, అంతా కులాసాయేనాండీ?" అన్నారు పెళ్లికొడుకు తండ్రి కంగారుగా.

"మా చెల్లెలు ఉద్యోగం వదిలేసిందండీ."

ఆయన కండువా సర్దుకున్నారు. పరామర్శించాలో అభినందించాలో తేల్చుకోలేక, ఎంతో మర్యాదగా, "అది మంచిదేనాండీ?" అని అడిగారు.

నేను కళ్లు తుడుచుకున్నాను.

"మంచిదేనండీ" అన్నాను.